‘తాజా తీర్పు’ అంటే ఏ ఏటిది?

మన తెలుగు నేలమీద కొత్తపల్లులకూ కొత్తపేటలకూ లెక్కలేదు. ఒకప్పుడు పక్క ఊరి కంటే తర్వాత వెలిసింది కాబట్టి ఆ పేరు వచ్చింది. తరాలు గడిచి ఊరు పాతబడినా పేరు మారలేదు. ఊరికైతే నష్టం లేదు, ఎందుకంటే ఆ పేరు చూసి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. వ్యాసానికీ కరపత్రానికీ ‘కొత్త’, ‘తాజా’ అని పేరు పెడితే సంగతి వేరు. దాన్ని నమ్మి ఒకరు దరఖాస్తు పెడతారు, ఇంకొకరు ఫీజు కడతారు, మరొకరు ఆఫీసు మెట్లెక్కుతారు.

‘దళిత క్రైస్తవులపై సుప్రీంకోర్టు తాజా తీర్పు’ అనే శీర్షికనే తీసుకుందాం. ఇది ఏ తీర్పు గురించి? కనీసం మూడు సార్లు ఈ శీర్షిక నిజమే. 1985 సెప్టెంబరు 30న సూసై కేసులో తీర్పు వచ్చింది. మద్రాసులో చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు, ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఇచ్చే బంకు తనకూ రావాలని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. 2015 ఫిబ్రవరి 26న కేరళకు చెందిన కె.పి. మను కేసులో ఇంకో తీర్పు వచ్చింది. తాతల కాలంలో క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబంలో పుట్టినవాడు తిరిగి హిందువుగా మారి, ఆ కులంవారు అతన్ని తమవాడిగా అంగీకరిస్తే ఎస్సీ హోదా వర్తిస్తుందని అందులో చెప్పారు. 2024 నవంబరు 26న పుదుచ్చేరి యువతి కేసులో మరో తీర్పు వచ్చింది. బాప్తిస్మం పొంది, క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పి ఎస్సీ సర్టిఫికెట్ అడగడం చెల్లదని కోర్టు తేల్చింది.

మూడూ ఒకే కోర్టువి. మూడూ వచ్చిన రోజున ‘తాజా’వే. కానీ మూడూ చెప్పింది ఒకటి కాదు. యానాంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ఒక యువకుడి చేతికి 2015 నాటి వ్యాసం ‘తాజా తీర్పు’ పేరుతో ఫోన్‌లో వచ్చిందనుకోండి. పంపిన మేనమామ మంచి ఉద్దేశంతోనే పంపాడు. అతను 2024 తీర్పు సంగతి తెలియకుండానే తహసీల్దారు ఆఫీసుకు వెళ్తాడు. ఆ తీర్పు అతని పుదుచ్చేరి ప్రాంతం నుంచి వెళ్లిన కేసులోదే. వ్యాసంలో ఒక్క అబద్ధమూ లేదు. తప్పుదారి పట్టించింది శీర్షికలోని ఒక్క మాట.

అదే వ్యాసానికి ‘క్రైస్తవం నుంచి తిరిగి మారినవారికి ఎస్సీ హోదా: 2015 సుప్రీంకోర్టు తీర్పు’ అని పేరు పెట్టి ఉంటే ఆ యువకుడే అడిగేవాడు: ‘2015 తర్వాత ఏమైంది మామయ్యా?’ ఆ ప్రశ్న పుట్టించడమే శీర్షికలో ఏడు ఉండడం వల్ల ప్రయోజనం. ‘తాజా’ అనే మాట ఆ ప్రశ్నను నోట్లోనే నొక్కేస్తుంది.

పథకాల విషయంలో ఇబ్బంది ఇంకా త్వరగా వస్తుంది. మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ 2008లో మొదలైంది. చాలా ఏళ్లు ఒకటి నుంచి పదో తరగతి వరకు ఇచ్చారు. 2022 నవంబరులో కేంద్రం దాన్ని మార్చింది. ఎనిమిదో తరగతి వరకు విద్యాహక్కు చట్టం కింద ఉచిత చదువు ఉంది కాబట్టి, 2022-23 నుంచి 9, 10 తరగతులకే ఇస్తామంది. ‘మైనారిటీ పిల్లలకు తాజా స్కాలర్‌షిప్, ఒకటి నుంచి పది వరకు’ అని 2021లో రాసిన వ్యాసం ఆ నవంబరుతో చెల్లకుండా పోయింది. కానీ పేరు మాత్రం ఇంకా ‘తాజా’యే. అది చూసి అయిదో తరగతి పిల్ల తల్లి ఆదాయ సర్టిఫికెట్ కోసం ఒక రోజు కూలి వదులుకుంటుంది, బ్యాంకు ఖాతా కోసం ఇంకో రోజు.

ఇలాంటి వ్యాసానికి ‘2021-22 విద్యాసంవత్సరం: ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఎవరికి, ఎలా’ అన్న పేరు చాలు. ఇక్కడ ఉత్త 2021 అనకుండా 2021-22 అనడం ముఖ్యం. పిల్లల దరఖాస్తు నడిచేది విద్యాసంవత్సరం లెక్కన గానీ జనవరి లెక్కన కాదు. నియమం మారినప్పుడు పాత వ్యాసాన్ని తీసేయనక్కర్లేదు. ఆనాడు ఏమి ఇచ్చేవారో, ఏది ఆగిందో చెప్పే సాక్ష్యం అదే. పైన ఒక్క వాక్యం చేరిస్తే చాలు: ‘గమనిక, నవంబరు 2022: 2022-23 నుంచి ఈ స్కాలర్‌షిప్ 9, 10 తరగతులకే.’

దీన్నిబట్టి ఒక వ్యాసానికి మూడు తేదీలు ఉంటాయని తెలుస్తుంది: సంగతి జరిగిన తేదీ, మనం రాసిన తేదీ, తర్వాత దిద్దిన తేదీ. మొదటిది శీర్షికలోనో మొదటి వాక్యంలోనో ఉండాలి. రెండోది పేరు కింద ఉండాలి. మూడోది, ఏమి దిద్దామో చెబుతూ, వేరుగా ఉండాలి. ఒక అక్షరదోషం సరిచేసి రాసిన తేదీనే ఇవాళ్టికి మార్చేస్తే, లోపలి పాత సమాచారమంతా ఇవాళ సరిచూసినట్టు కనిపిస్తుంది. అది ‘తాజా’ అనే మాట కంటే ఎక్కువ మోసం చేస్తుంది.

శీర్షిక బాగుచేసినంత మాత్రాన పని అయిపోదు. లోపల ‘ఇటీవల’, ‘గత నెల’, ‘ఈ ఏడాది’, ‘ప్రస్తుత మంత్రి’ అనే మాటలు దాక్కుని ఉంటాయి. వాటి చోట నెలా ఏడూ, మంత్రి పేరూ రాయాలి. 5/11/2022 అని అంకెలతో రాస్తే ఒకరు నవంబరు అయిదు అంటారు, విదేశంలో ఉన్న బంధువు మే పదకొండు అంటాడు. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే లేదు. దరఖాస్తు నమూనాలు పంచే యువజనులు ఫైలు పేరు కూడా చూసుకోవాలి. `new-form-final.pdf` అన్నది మూడు నెలల్లో ఎవరికీ అర్థం కాదు. `prematric-form-2022-23.pdf` అయితే ఎప్పటికైనా తెలుస్తుంది.

అయితే అన్నిటికీ ఏడు తగిలించడమూ తెలివి కాదు. ఆర్టీఐ దరఖాస్తులో ప్రశ్న ఎలా అడగాలి, పోలీసులకిచ్చే ఫిర్యాదులో ఏయే వివరాలు ఉండాలి అన్నవాటి సారం ఏటేటా మారదు. వాటి శీర్షికలో 2023 అని పెడితే, 2027లో చదివేవాడు పనికొచ్చేదాన్నే పాతదనుకుని పక్కన పడేస్తాడు. అక్కడ రాసిన తేదీ కింద ఉంటే చాలు. మారే సొమ్ము, గడువు, ఫీజు ఉన్న వాక్యం దగ్గర మాత్రం ‘ఫలానా నెల నాటికి’ అని చేర్చాలి.

‘కొత్త’ అన్న మాట నిషిద్ధం కూడా కాదు. క్రొత్త నిబంధనలో ‘క్రొత్త’ తేదీ కాదు, పాత నిబంధనకు జతగా నిలిచిన పేరు. అది పాతబడే ప్రశ్నే లేదు. అలాగే ఆదివారం గుడిలో చదివి మడిచేసే ప్రకటనలో ‘కొత్త’ అన్నా ఫరవాలేదు, దాని ఆయుష్షే ఒక వారం. నిలిచి ఉండే రాతకే ఈ జాగ్రత్త.

రాసేవారికి పరీక్ష ఒక్కటే. శీర్షిక రాశాక, అయిదేళ్ల తర్వాత తేదీ కనిపించకుండా ఎవరో దాన్ని ఫోన్‌లో పంపారని అనుకోండి. అందుకున్నవాడికి అది ఏ ఏటి సంగతో తెలుస్తుందా? తెలియకపోతే ‘తాజా’ కొట్టేసి, ఆ చోట ఏడు రాయండి. చదివేవారు కూడా శీర్షికలో ‘కొత్త’ కనబడగానే, ఇంకొకరికి పంపేముందు, లోపల తేదీ వెదకండి. దొరకకపోతే దాన్ని నమ్మి ఏ ఆఫీసుకూ వెళ్లకండి, ఎవరినీ పంపకండి.