కాల్ లెటర్ వచ్చింది... ఏ ట్యాబ్‌లో?

దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచి మీరు రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచి చూస్తుంటారు. అయితే జీమెయిల్ తెరవగానే కనిపించేది మొత్తం ఇన్‌బాక్స్ కాదు, అందులో ‘ప్రైమరీ’ అనే ఒక అర మాత్రమే. 2013 మే నెలలో గూగుల్ ఇన్‌బాక్స్‌ను ట్యాబ్‌లుగా విడదీసింది. ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్, అప్‌డేట్స్, ఫోరమ్స్ అని మొత్తం ఐదు. దుకాణాల ఆఫర్ల గోల తగ్గించడానికి ఈ ఏర్పాటు బాగానే పనికొస్తుంది. ఉద్యోగం వెతుక్కునేవారికి మాత్రం ఇందులో ఒక చిక్కుంది.

వెల్దుర్తి నుంచి రోజూ బస్సులో మాచర్ల వెళ్లి డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఓ అమ్మాయి ఉందనుకోండి. ఒక జాబ్ పోర్టల్ ద్వారా నాలుగు కంపెనీలకు దరఖాస్తు చేసింది. సోమవారం రాత్రి ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష లింకు పంపింది. గడువు 48 గంటలు. ఆ మెయిల్ ప్రమోషన్స్‌లో పడింది. సాధారణంగా ఫోన్ మోగేది ప్రైమరీలోకి వచ్చిన మెయిల్‌కే కాబట్టి ఆమె ఫోన్ మోగలేదు. గురువారం ఆఫర్ల మధ్య ఆ మెయిల్ కంటపడేసరికి లింకు పనిచేయడం మానేసింది. కంపెనీ లెక్కలో ఆమె పరీక్ష రాయని అభ్యర్థి. అంతే!

‘మెయిల్ కనిపించలేదండీ’ అంటే వినేవారు తక్కువ. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ నోటిఫికేషన్‌నే తీసుకోండి. సమాచారం మెయిల్, ఎస్ఎంఎస్ ద్వారా పంపుతామని, అది ఆలస్యంగా అందినా అందకపోయినా తమది బాధ్యత కాదని అందులోనే రాసి ఉంటుంది. వెతుక్కోవాల్సిన పని మనదే.

ఇంతకీ అసలైన మెయిల్ అక్కడికెందుకు వెళ్తుంది? ఎవరు పంపారు, లోపల ఏముంది, ఇలాంటి మెయిళ్లను మీరు ఇంతకుముందు ఏం చేశారు... జీమెయిల్ ముఖ్యంగా ఈ మూడూ చూసి అంచనా వేస్తుంది. ఆ మెయిల్ మీ జీవితానికి ఎంత ముఖ్యమో దానికి తెలియదు. హెచ్‌ఆర్ ఉద్యోగి తన సొంత అడ్రస్ నుంచి మీ ఒక్కరికే నాలుగు ముక్కలు రాస్తే అది ఎక్కువగా ప్రైమరీకే వస్తుంది. కానీ వేలమందిని పిలవాలంటే కంపెనీలు రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వాడతాయి. ఒకే ఉత్తరం, ‘నోరిప్లై’ అడ్రస్, పైన లోగో, మధ్యలో పెద్ద బటన్, అడుగున ‘అన్‌సబ్‌స్క్రైబ్’. చీరల ఆఫర్ మెయిల్‌కూ ఇదే వేషం. పైపెచ్చు, పొద్దున కోర్సుల ప్రకటన పంపిన పోర్టలే మధ్యాహ్నం ఇంటర్వ్యూ కబురూ పంపుతుంది. ఆ పోర్టల్ మెయిళ్లను మీరు నెలలుగా తెరవకుండా డిలీట్ చేస్తుంటే, వాటితో మీకు పని లేదని జీమెయిల్‌కు మీరే చెప్పినట్టు.

అప్‌డేట్స్ సంగతి వేరు. రసీదులు, బిల్లులు, ‘మీ దరఖాస్తు అందింది’ లాంటి నిర్ధారణలు చేరేది అక్కడికే. పరీక్ష తేదీ, అడ్మిట్ కార్డు కబుర్లు కూడా చాలాసార్లు ఆ కోవలోకే వస్తాయి. అంటే ఉద్యోగార్థికి అప్‌డేట్స్ రెండో ప్రైమరీ లాంటిది.

ఇక్కడ ట్యాబ్‌కూ లేబుల్‌కూ తేడా తెలియాలి. ట్యాబ్ జీమెయిల్ వేసే అంచనా. ఒక మెయిల్ ఒక ట్యాబ్‌లోనే కనిపిస్తుంది. లేబుల్ మీరు అంటించే చీటీ. ఒకే మెయిల్‌కు ‘ఉద్యోగాలు’, ‘బ్యాంకు పరీక్షలు’ అని రెండు చీటీలు అంటించవచ్చు. కానీ చాలామంది పొరబడేది ఇక్కడే: లేబుల్ తగిలించినంత మాత్రాన మెయిల్ ట్యాబ్ మారదు. ప్రమోషన్స్‌లో ఉన్నదానికి ‘ఉద్యోగాలు’ అని చీటీ అంటించినా అది ప్రమోషన్స్‌లోనే ఉంటుంది. ట్యాబ్ మార్చాలంటే ఆ మాట విడిగా చెప్పాలి.

ముందు ఇప్పటికే వచ్చినవేమైనా దాక్కున్నాయేమో చూడండి. జీమెయిల్ సెర్చ్‌లో ఇలా టైప్ చేయండి:

```
category:promotions newer_than:15d (interview OR assessment OR shortlisted)
```

ఇది గత 15 రోజుల్లో ప్రమోషన్స్‌లో పడినవాటిని వెతుకుతుంది. తర్వాత `promotions` బదులు `updates` పెట్టి మళ్లీ వెతకండి. స్పామ్‌ను విడిగా తెరిచి చూడాలి. అక్కడి మెయిళ్లు 30 రోజులకు వాటంతటవే పోతాయి.

రెండో పని ఫోన్‌లోనే అవుతుంది. Settings లోకి వెళ్లి, మీ అకౌంట్ ఎంచుకుని, Inbox categories లో Updates దగ్గరున్న టిక్ తీసేయండి. ఇకపై ఆ కోవ మెయిళ్లన్నీ ప్రైమరీలోకే వస్తాయి. బిల్లులకూ రసీదులకూ కూడా ఫోన్ మోగుతుంది, నిజమే. ఉద్యోగ వేటలో ఉన్న నాలుగైదు నెలలూ ఆ మోత భరించదగ్గదే. ప్రమోషన్స్ టిక్ మాత్రం తీయొద్దు. తీస్తే ఆఫర్ల వరదలో కాల్ లెటర్ మళ్లీ మునిగిపోతుంది. దాన్ని రోజుకోసారి పై సెర్చ్‌తో జల్లెడ పడితే చాలు.

మూడోది ఫిల్టర్. దీన్ని ఫోన్ యాప్‌లో తయారు చేయలేం, కంప్యూటర్ బ్రౌజర్ కావాలి. కాలేజీ ల్యాబ్‌లోనో నెట్ సెంటర్‌లోనో చేస్తే పని కాగానే లాగౌట్ కావడం మరవొద్దు. దరఖాస్తు పెట్టగానే కంపెనీ నుంచి వచ్చే మొదటి మెయిల్ తెరిచి, పంపిన అడ్రస్‌లో @ తర్వాత ఏముందో చూడండి. ఆ భాగాన్ని example.com స్థానంలో పెట్టి సెర్చ్ బాక్స్‌లో ఇలా రాయండి:

```
from:(example.com)
```

సెర్చ్ బాక్స్ పక్కనున్న గుర్తు నొక్కి Create filter ఎంచుకోండి. Apply the label దగ్గర ‘ఉద్యోగాలు’ లేబుల్, Categorize as దగ్గర Primary పెట్టండి. Skip the Inbox జోలికి వెళ్లొద్దు. అది టిక్ చేస్తే మెయిల్ ఇన్‌బాక్స్‌కే రాదు. పాత మెయిళ్లకూ వర్తించాలంటే చివర్లో Also apply filter అన్నది టిక్ చేయాలి. పూర్తి అడ్రస్ కాకుండా @ తర్వాతి భాగం ఎందుకంటే, ఈరోజు ‘కెరీర్స్’ పేరుతో రాసిన కంపెనీ రేపు ‘నోరిప్లై’ పేరుతో రాస్తుంది. ఒక్క అడ్రస్‌కే ఫిల్టర్ పెడితే రెండోది జారిపోతుంది.

దీనికీ హద్దులున్నాయి. కొన్ని కంపెనీలు పరీక్ష బాధ్యతను వేరే సంస్థకు అప్పగిస్తాయి. అప్పుడు లింకు మీరు ఊహించని అడ్రస్ నుంచి వస్తుంది, ఫిల్టర్ పట్టుకోదు. అందుకే రోజువారీ జల్లెడ తప్పదు. అలాగని ‘జాబ్’ అనే మాట ఉన్న ప్రతి మెయిల్‌నూ ప్రైమరీకి రప్పించే ఫిల్టర్ పెట్టొద్దు. కోర్సులు అమ్మేవాళ్లూ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనే మోసగాళ్లూ వాడేది కూడా ఆ మాటే. ప్రైమరీలోకి వచ్చినంత మాత్రాన మెయిల్ నిజమైనదని కాదు, ప్రమోషన్స్‌లో పడినంత మాత్రాన పనికిరానిదీ కాదు. పంపిన అడ్రస్‌లో @ తర్వాతి భాగం కంపెనీ అసలు వెబ్‌సైట్‌తో సరిపోతోందా? సరిపోకపోతే, మీరు దరఖాస్తు పెట్టిన చోట లాగిన్ అయితే అదే కబురు కనిపిస్తోందా? లింకు నొక్కేముందు చూడాల్సింది అదీ.