ఎనిమిది ఎత్తులైనా ఇల్లు కదల్లేదు!

"ఇక నా వల్ల కాదురా. బుర్ర మొద్దుబారిపోయింది" అంటూ మా బాబాయి తన ఫోను నా చేతిలో పెట్టాడు.

ఆయనకి అరవై మూడేళ్లు. ముప్పై ఐదేళ్ల తర్వాత మళ్లీ చదరంగం మొదలుపెట్టాడు. కారణం, ఆరో తరగతి చదివే మనవడు. దసరా సెలవులకి వచ్చిన ఆ పిల్లాడు వరసగా ఐదు ఆటలు గెలిచి, "నేను ఇంకెవరితోనైనా ఆడుకుంటాలే తాతయ్యా" అనేశాడట. సంక్రాంతికి వాడు మళ్లీ వస్తాడు. ఈలోగా ఫోనులో ఎవరెవరితోనో ఆడి, అన్నీ ఓడిపోయి, మతిమరుపు జబ్బేదో మొదలైందని బాబాయి బెంగపెట్టుకున్నాడు.

ఆటలన్నీ ఫోనులో భద్రంగా ఉన్నాయి. ఆయన తెల్లపావులతో ఆడిన ఒక ఆట తీసి, మొదటి నుంచీ చూశాం. మీ దగ్గర బోర్డు ఉంటే మీరూ పేర్చుకోండి. తెల్లవైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి a నుంచి h, కింది నుంచి పైకి 1 నుంచి 8. ఫోనులో ఈ గుర్తులు అంచునే ఉంటాయి.

బాబాయి రాజు ముందున్న బంటుని రెండు గళ్లు జరిపి e4లో పెట్టాడు. అవతలివాడూ అలాగే e5లో పెట్టాడు. రెండో ఎత్తుకే బాబాయి మంత్రిని h5కి తోలాడు.

"ఎందుకు?" అన్నాను.

"నాలుగెత్తుల్లో ఆటకట్టు! కాలేజీలో దీంతో ఎంతమందిని కొట్టాననుకున్నావ్?"

ఆ ఎత్తుగడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మంత్రి, శకటు కలిసి f7 బంటు మీద పడతాయి. ఆట మొదట్లో ఆ బంటుకి రాజు తప్ప వేరే కాపలా ఉండదు. నిజానికి h5లో మంత్రికి ఇంకో లాభమూ ఉంది. అవతలివాడు కంగారుపడి g6 బంటుతో వెంటనే తరిమితే, మంత్రి e5 బంటుని తిని రాజుకి చెక్ చెబుతుంది, అదే దెబ్బకి మూలనున్న ఏనుగూ దొరుకుతుంది.

కానీ అవతలివాడు కంగారుపడలేదు. ముందు గుర్రాన్ని c6కి తెచ్చి e5ని కాపాడుకున్నాడు. బాబాయి శకటుని c4కి తెచ్చి f7కి గురిపెట్టాక, అప్పుడు g6 బంటు జరిపాడు. మంత్రి f3కి వెనక్కి వచ్చి మళ్లీ f7నే చూసింది. రెండో గుర్రం f6కి వచ్చి ఆ దారి మూసేసింది. బాబాయి బంటుని d3లో పెట్టాడు. అవతలివాడి గుర్రం c6 నుంచి d4లోకి దూకి మంత్రి మీద పడింది. అది c2 బంటు మీదా కన్నేసింది కాబట్టి, దాన్ని కాయడానికి మంత్రి d1కి, అంటే బయల్దేరిన చోటికే, తిరిగొచ్చింది. తర్వాత నల్లబంటు d5లోకి వచ్చింది. బాబాయి బంటు దాన్ని తింది. f6 గుర్రం ఆ బంటుని తిని d5లో కూర్చుంది. బాబాయి శకటు ఆ గుర్రాన్ని తింటే, నల్లమంత్రి శకటుని తింది.

అక్కడ ఆపాను. "ఎనిమిదెత్తులు వేశావు బాబాయ్. నీ పెద్ద పావుల్లో ఇల్లు వదిలి బయట ఉన్నవెన్ని?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. "ఒక్కటీ లేదేంట్రా!"

అదీ సంగతి. మూడెత్తులు మంత్రి షికారుకే పోయాయి. మూడు బంట్లకి, రెండు శకటుకి పోతే ఆ శకటూ మిగల్లేదు. అవతలివాడికి మాత్రం d4లో గుర్రం, d5లో మంత్రి, e5లో బంటు: బోర్డు నడిబొడ్డంతా వాడిదే. బాబాయి d4 గుర్రాన్ని తరమాలని c3 బంటు జరిపాడు. నల్లమంత్రి g2 బంటుని తిని, మరుసటి ఎత్తులో మూలనున్న ఏనుగునీ తింది. బదులుగా ఆ గుర్రం దొరికినా లాభమేముంది? మంత్రి చూపు g2 మీద ఉందని గమనించకపోవడం పొరపాటే. కానీ తన పావులన్నీ ఇంట్లోనే ఉన్నవాడు ఏ ఎత్తు వేసినా ఏదో ఒక చిల్లు పడుతుంది.

ఇది మతిమరుపు కాదు. మా ఇళ్లలో ఆడిన ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదిలేది. కాస్లింగ్ లేదు. రాజు ఒక్కసారి గుర్రంలా దూకి తప్పించుకోవచ్చు. నింపాదిగా సాగే ఆ ఆటలో ఒకటి రెండు ఎత్తులు వృథా అయినా నడిచేది. ఇప్పటి పద్ధతిలో మొదటి ఎత్తుకే బంట్లు మధ్యలో ఎదురెదురుగా నిలబడతాయి. ఆలస్యానికి శిక్ష వెంటనే పడుతుంది.

అందుకే బాబాయికి చెప్పింది ఒక్కటే: ప్రతి ఎత్తు ఖర్చే, దానితో ఏ పావు కొత్తగా బయటికొచ్చిందో చూసుకో. e4 బంటు శకటుకీ మంత్రికీ దారి తెరుస్తుంది. f3 గుర్రం బయటికొస్తూనే e5 బంటుని బెదిరిస్తుంది. c4 శకటు f7ని చూస్తుంది. నాలుగో ఎత్తుకి కాస్లింగ్: రాజు రెండు గళ్లు జరిగి మూలకి, ఏనుగు రాజుని దాటి మధ్యకి. ఒక్క ఎత్తులో రెండు పనులు. అయితే ఆ రాజూ ఏనుగూ అప్పటిదాకా కదిలి ఉండకూడదు, రాజుకి చెక్ ఉండకూడదు, రాజు దాటే గడి మీదా దిగే గడి మీదా శత్రువు దెబ్బ ఉండకూడదు. తర్వాత d3 బంటు, రెండో గుర్రం, రెండో శకటు. మంత్రి ఒక గడి ముందుకి జరిగితే ఏనుగులు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. అక్కడికి ఆరంభం ముగిసినట్టు.

"మరి వాడు ఒకే గుర్రాన్ని రెండుసార్లు కదిపాడుగా? వాడికి ఖర్చు కాదా?" అని పట్టుకున్నాడు బాబాయి. మొద్దుబారిన బుర్ర అడిగే ప్రశ్నేనా ఇది!

ఖర్చే. కానీ ఆ గుర్రం మంత్రి మీద పడింది కాబట్టి, తప్పించుకోవడానికి బాబాయీ ఒక ఎత్తు ఖర్చుపెట్టాడు. చెల్లుకి చెల్లు. మంత్రిని తొందరగా బయటికి తీయొద్దనేదీ ఇందుకే. దానిమీద గుర్రం పడినా, బంటు పడినా పారిపోవాల్సింది మంత్రే. తరిమినవాడి పావు ఉచితంగా ముందుకొస్తుంది. అందుకని ఎత్తు వేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: అవతలివాడి చివరి ఎత్తు దేనిమీద పడింది? జవాబు "దేనిమీదా లేదు" అయితేనే ఇంట్లో ఉన్న పావుని బయటికి తేవాలి.

మొన్న రాత్రి బాబాయి ఫోను చేశాడు. మళ్లీ ఓడిపోయాడట.

"ఎన్నో ఎత్తులో?" అన్నాను.

"నలభై ఒకటో ఎత్తులోరా! ఎనిమిదో ఎత్తుకి రెండు గుర్రాలు, రెండు శకటులు బయట, రాజు మూలన. ఆ పిల్లాణ్ని ఇక రమ్మను!"

నలభై ఒకటో ఎత్తులో ఏనుగుని ఊరికే పోగొట్టుకున్నాడట. అది ఇంకోరోజు చెప్పాల్సిన పాఠం. సంక్రాంతికింకా మూడు వారాలుంది.