ఇందులో నీ మాట ఏది?



గత సంవత్సరం దసరా సెలవులలో నా పూర్వ విద్యార్థిని ఒకతె మా ఇంటికి వచ్చినది. హోసూరు దగ్గరి పల్లెలో పుట్టి, పదవ తరగతి వరకు నా దగ్గర తెలుగు చదివి, 100కి 97 మార్కులు తెచ్చుకొన్న అమ్మాయి. బి.ఏ. కూడా గైడుల బలంతోనే గట్టెక్కి, ఇప్పుడొక విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. మొదటి సంవత్సరంలో చేరినది. ఆమె చేతిలో 14 పుటల వ్యాసమొకటి ఉన్నది. "కన్యాశుల్కం సంఘసంస్కరణ నాటకమన్న అభిప్రాయాన్ని చర్చించండి" అన్నది ప్రశ్న. వచ్చిన మార్కులు 20కి 7. మొదటి పుట అంచున అధ్యాపకుడు ఎర్ర సిరాతో ఒకే వాక్యం వ్రాసినారు: "ఇందులో నీ మాట ఏది?"

"తప్పేమి వ్రాసినాను సార్?" అని ఆమె కన్నీళ్ళ పర్యంతమైనది. నేను వ్యాసం చదివినాను. తప్పు ఒక్కటి కూడా లేదు. గురజాడ జననం, విద్యాభ్యాసం, విజయనగర సంస్థానంలో ఉద్యోగం, 1892లో తొలి ప్రదర్శన, 1897లో తొలి ముద్రణ, 1909లో మార్చి వ్రాసిన రెండవ కూర్పు, కథా సంగ్రహం, పాత్రల జాబితా, విమర్శకుల ప్రశంసలు, ముగింపు. రెండవ పుటలో గురజాడను ఆధునిక సాహిత్యాకాశంలో ధ్రువతారగా వర్ణించిన వాక్యం చూడగానే నాకు సిగ్గు వేసినది. అది నేను ఆమెకు ఎనిమిదవ తరగతిలో చెప్పి వ్రాయించిన వాక్యం. నేనైనా దానిని ఒక గైడు నుండి తీసుకొన్నవాడినే.

కనుక ఈ వ్యాసానికి వచ్చిన 7 మార్కులలో నా వంతు కూడా ఉన్నదని ఒప్పుకొని మొదలుపెడుతున్నాను.

మన పిల్లలు బట్టీ పట్టడానికి పరీక్ష ఒక్కటే కారణమని మనమందరమూ అంటాము. ఆంధ్ర, తెలంగాణలలోని బడులకు ఆ మాట చాలవరకు సరిపోవచ్చు. తమిళనాడులోనో, కర్ణాటకలోనో, ఒడిశాలోనో ఉన్న మన పిల్లలకు ఇంకొక కారణమున్నది. వీరు ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలోని తెలుగు వేరు. బజారులోని బోర్డులు, బస్సుల మీది పేర్లు, వార్తాపత్రికలు, అన్నీ మరొక భాషలో ఉంటాయి. పుస్తకపు తెలుగు వారికి వినిపించేది మన తరగతిలోని 45 నిమిషాలు మాత్రమే. అటువంటి పిల్లకు కంఠస్థం చేసిన జవాబు మార్కులు తెచ్చే ఉపాయం మాత్రమే కాదు, ఆమెకున్న ఏకైక గౌరవనీయమైన తెలుగు అదే. సొంత వాక్యం వ్రాస్తే అది ఇంటి తెలుగవుతుందని, మనం దాని కింద గీత గీస్తామని ఆమెకు తెలుసు. పదేళ్ళు మనమే గీతలు గీసినాము. తరువాత విశ్వవిద్యాలయం వారు నీ మాట ఏదని అడిగితే ఆమె ఎక్కడినుండి తేగలదు?

ఆ రోజు మా వసారాలో జరిగినది చెబుతాను. వ్యాసాన్ని పక్కన పెట్టి, నాటకం మొత్తం చదివినావా అని అడిగినాను. ఈ మధ్యనే చదివినదట. "అయితే చెప్పమ్మా, లుబ్ధావధాన్లుతో సుబ్బి పెళ్ళి తప్పించినది ఎవరు?" అన్నాను.

ఆమె వెంటనే, వ్యాసపు భాష మరచిపోయి, మా ఊరి తెలుగులో అందుకొన్నది. "కరటకశాస్త్రి కదా సార్. శిష్యునికి ఆడవేషం వేసి పెండ్లికూతురని తెచ్చినాడు. మధురవాణి సాయం చేసింది. లాయరు సౌజన్యారావు పంతులు అప్పటికి కథలోకే రాలేదు కదా! గిరీశం ఎప్పుడు చూసినా సంస్కరణ అంటా ఉండాడు, చేసిందేమో బుచ్చమ్మను లేవదీసుకొని పోవడం. ఇంక సంస్కరణ ఎవరు చేసినట్లు?"

"ఈ చివరి మాట నీ 14 పుటలలో ఎక్కడున్నది?" అని అడిగినాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు.

మిత్రులారా, వాదించడం మన పిల్లలకు రాదని అనకండి. ఇంట్లో అవ్వతో, పొలంలో నాన్నతో వారు ఎంత గట్టిగా వాదిస్తారో మీకు తెలియనిది కాదు. ఆ వాదనకు బడి గుమ్మం దాటి లోపలికి వచ్చే అనుమతి మనమివ్వలేదు. అందుచేత పని మొదలు కావలసినది ఇంటి తెలుగులోనే. ముందు నోటితో వాదించనివ్వాలి, తరువాత దానిని వ్రాతకు మార్చాలి. ముందే గ్రంథస్థమైన భాష అడిగితే గైడులోని వాక్యమే వస్తుంది.

మేము చేసిన మొదటి పని ఆ వాదనను ఒక వాక్యంలో పెట్టడం. ఆమె మొదట వ్రాసినది: "కన్యాశుల్కం గొప్ప సంఘసంస్కరణ నాటకం." దీనిని కాదనగల బుద్ధిమంతుడు ఎవరైనా ఉన్నాడా అని అడిగినాను. లేడన్నది. కాదనేవాడు లేనిచోట వాదన ఎక్కడిది? రెండవ ప్రయత్నంలో వ్రాసినది: "కన్యాశుల్కం సంస్కరణను కోరిన నాటకమే గాని, సంస్కర్తలను నమ్మిన నాటకం కాదు." దీనిని కాదనవచ్చును. కనుక దీనికి నిదర్శనాలు చూపవలసి ఉంటుంది. "వివరించండి" అన్న ప్రశ్నకూ "చర్చించండి" అన్న ప్రశ్నకూ ఉన్న భేదం ఇదే. మన ప్రశ్నపత్రాలలో ఆ రెండూ ఒకే అర్థంలో వాడి వాడి పిల్లలకు ఆ తేడా కనబడకుండా చేసినాము.

రెండవది కత్తెర పని. పాత వ్యాసాన్ని పేరాలుగా కత్తిరించి, చీట్లవలె కలిపి ఆమె ముందు పరచినాను. ఏ పేరాను ఎక్కడ పెట్టినా వ్యాసం చెడలేదు. పాత్రల జాబితా ముందు వచ్చినా, విమర్శకుల ప్రశంసలు ముందు వచ్చినా నష్టం లేదు. పేరాల క్రమం మార్చినా చెడని వ్యాసం జాబితా మాత్రమే. వాదనలో ఒక పేరా చెప్పినదాని మీద తరువాతి పేరా నిలబడుతుంది, మధ్యలో ఒకటి తీస్తే మిగిలినది కూలుతుంది. కొత్త వ్యాసంలో సుబ్బి పెళ్ళి ఎలా తప్పినదో ముందు చూపితేనే, సంస్కర్తలు ఆ పని చేయలేదన్న రెండవ పేరాకు ఆధారముంటుంది. ఇది మీ పిల్లల వ్యాసం మీద ఇంట్లోనే చేసి చూడవచ్చును, సాహిత్యం తెలియనక్కరలేదు.

అన్నిటికన్న కష్టమైనది ఎదుటివాని మాట చెప్పడం. మన శాస్త్రకారులు పూర్వపక్షమన్నది దీనినే. ఎదుటి వాదాన్ని దాని బలంతో సహా చెప్పి, తరువాత సమాధానం చెప్పేవారు. ఇది పరాయి విద్య కాదు. పిల్లలు మాత్రం పూర్వపక్షమంటే భయపడతారు, తమ జవాబును తామే కొట్టివేసుకొన్నట్లు భావిస్తారు. పరీక్షలో అలా వ్రాస్తే మార్కులు పోతాయని భయం. మా అమ్మాయి కూడా మొదట ఒక బలహీనమైన ఆక్షేపణను తెచ్చి పెట్టి, దానిని సులభంగా పడగొట్టినది. నేను ఒప్పుకోలేదు. గురజాడ స్వయంగా ఇంగ్లీషులో వ్రాసిన తొలి పీఠిక చదవమన్నాను. అందులో ఆయన కన్యావిక్రయాన్ని సంఘానికి సిగ్గుచేటుగా ఎంచి, ఇటువంటి దురాచారాలను బయటపెట్టడం సాహిత్యం చేయదగిన ఉన్నతమైన పని అన్నారు. అదిగాక సౌజన్యారావు పంతులు గిరీశం వంటి కపటి కాడు, నిజాయితీ గల మనిషి. మరి నాటకం సంస్కర్తలను నమ్మలేదని ఎలా అంటావు?

రెండు రోజులు ఆలోచించి ఆమె తెచ్చిన సమాధానం నాకు కూడా కొత్తది. సౌజన్యారావు మంచివాడే, కాని వేశ్యల మొగం చూడనన్న నియమమున్నవాడు. లుబ్ధావధాన్లు మీది హత్యానేరం అబద్ధమని తేలడానికి కావలసిన నిజం మధురవాణి దగ్గర ఉన్నది. ఆమె పురుషవేషంలో వస్తే తప్ప ఆ నిజం ఆయన ఇంటి గుమ్మం దాటలేదు. గిరీశం ఎటువంటివాడో ఆయనకు తెలిసినది కూడా ఆమె వల్లనే. అందుచేత నాటకం సంస్కర్తను తిరస్కరించలేదు, ఆయన ఎవరి మొగం చూడనన్నాడో వారు లేకుండా ఆయన పని సాగదని చూపినది. చూడండి, మొదటి వాక్యం మారిపోయినది. "నమ్మిన నాటకం కాదు" అన్నది కొట్టివేసి, మరింత ఇరుకైన, మరింత గట్టి మాట వ్రాసుకొన్నది. బట్టీ పట్టిన జవాబు వ్రాస్తున్నప్పుడు ఎన్నడూ మారదు. వాదన మాత్రం వ్రాస్తున్నకొద్దీ వ్రాసేవానినే సరిదిద్దుతుంది.

మధ్యలో ఒక పొరపాటు కూడా జరిగినది. నీ మాట ఏదని అడిగినారు గనుక ఒక చిత్తుప్రతిలో ప్రతి పేరా "నా అభిప్రాయంలో" అని మొదలుపెట్టినది. ఆ మాటలు కొట్టివేసి, వాటి స్థానంలో నాటకంలోని ఏ అంకంలో ఏమి జరిగినదో వ్రాయమన్నాను. ప్రసిద్ధ విమర్శకుడు మెచ్చుకొన్నాడన్నది కూడా నిదర్శనం కాదు, అది మరొకరి అభిప్రాయం మాత్రమే.

బడిలో ఇదంతా సాధ్యమా అని మీరు అడుగుతారు. ఒక తండ్రి నన్ను సూటిగా అడిగినాడు: "సార్, గైడులో ఉన్నది వ్రాస్తేనే కదా మార్కులు!" అతని మాట అబద్ధం కాదు. మూల్యాంకనం చేసేవారి చేతిలో అంశాల పట్టిక ఉంటుంది, ఆ అంశాలు కనబడితే మార్కు వేస్తారు. పబ్లిక్ పరీక్షలో అంశాలు వదలవద్దని నేను కూడా చెబుతాను. పద్యాలను కంఠస్థం చేయించడం కూడా మానలేదు, మానను. నోటికి వచ్చిన పద్యం జీవితాంతం నిదర్శనంగా పనికివస్తుంది. కంఠస్థం చేయకూడనిది తీర్పు మాత్రమే.

వారానికి ఒక పీరియడు మాత్రం తీసి పెట్టినాను. కాదనడానికి వీలున్న ప్రశ్న ఒకటి, ముందు పదిహేను నిమిషాలు మాటలలో, తరువాత అర పుట వ్రాత. ఇంటి మాటల కింద గీతలు గీయను. "ఎందుకంటే", "అయినప్పటికీ", "అలాగైతే" అన్న మాటలు సరైన చోట పడినవా అని మాత్రమే చూస్తాను. మన పిల్లలకు కరవైనవి పెద్ద సమాసాలు కావు, ఈ చిన్న మాటలే.

మొన్న తొమ్మిదవ తరగతికి కుందేలు తాబేలు కథ ఇచ్చినాను. కుందేలు నిద్రపోకపోతే తాబేలు గెలిచేదా అని ప్రశ్న. ఒక పిల్లవాడు, తాబేలు గెలవలేదనీ కుందేలు ఓడిందనీ, కాబట్టి అది కుందేలుకు చెప్పిన నీతి అనీ వ్రాసినాడు. వెనుక బెంచీలోని అమ్మాయి లేచి, "కుందేలు నిద్రపోతుందని తాబేలుకు ముందే తెలియదు కదా సార్, అయినా బయలుదేరింది కదా" అన్నది. గంట కొట్టినారు. ఆ పిల్లవాడు ఇంకా జవాబు ఇవ్వలేదు, సోమవారం దాకా గడువు అడిగినాడు.