దోస్త్ చీటీతో లైసెన్స్ రాదు భాయ్!

బండ్లగూడ ఆర్టీఏలో లెర్నింగ్ లైసెన్స్ పరీక్షకు బయల్దేరే మన కుర్రాళ్ల ఫోన్లో ఒక తావీజు ఉంటుంది: నిన్న రాసొచ్చిన దోస్త్ పంపిన జవాబుల చీటీ. ఈ గలత్‌ఫహ్మీ పోవాలి.

పరీక్షలో 20 ప్రశ్నలు, 12 సరిగ్గా చెప్పాలి. ఆ 20 అందరికీ ఒకటే కాదు. పెద్ద ఖజానాలోంచి కంప్యూటర్ ఎవరివి వాళ్లకు తీసిస్తుంది. ఖజానాలో 300 ఉన్నాయనుకొని హిసాబ్ వేయండి. దోస్త్ చూసింది అందులో పదిహేనో వంతే. మీ 20లో అతనివి సగటున ఒకటో రెండో తగులుతాయి.

పదిమంది చీటీలు పోగేస్తే? కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి చేతికొచ్చేవి 200 కాదు, దాదాపు 150. అంటే మీ 20లో పది. మిగతాది కిస్మత్. 150 జవాబులు బట్టీ పట్టే మెహనత్ చేసేవాడు రోడ్డు గుర్తులే నేర్చుకోవచ్చుగా!

ఖజానాలో 40 ప్రశ్నలే ఉంటే ఒక్క చీటీతోనే సగం దొరుకుతాయి. ఆ కసూర్ పరీక్ష పెట్టినవాళ్లది.

జవాబు 'బి' అని నేర్చుకున్న బేటా రేపు అమ్మీని వెనక కూర్చోబెట్టుకొని చౌరస్తాకు వస్తాడు. అక్కడ గుర్తు కింద ఏ, బీ, సీలు రాసి ఉండవు.