ఢిల్లీ అద్దెకు 50, నోయిడా అద్దెకు 40 శాతం: పాత పన్ను విధానం ఎవరికి లాభం?

2025-26లో 15 లక్షల వార్షిక వేతనం గల ఉద్యోగికి కొత్త విధానంలో 75 వేల ప్రామాణిక తగ్గింపు పోగా 14.25 లక్షలపై పన్ను 93,750 రూపాయలు. దానిపై 4 శాతం సెస్సు కలిపితే 97,500. పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు దాటినందున రిబేటు లేదు.

పాత విధానంలో చిక్కు అద్దె దగ్గర మొదలవుతుంది. ఆయన మూలవేతనం 6 లక్షలు, అద్దె భత్యం 3 లక్షలు, చెల్లించే అద్దె నెలకు 30 వేలు అనుకుందాం. నివాసం ఢిల్లీలో ఉంటే మూలవేతనంలో 50 శాతం, అంటే 3 లక్షల వరకు మినహాయింపు ఉంటుంది. నోయిడాలో 40 శాతమే కనుక 2.4 లక్షలకే పరిమితం. కార్యాలయం ఎక్కడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ప్రామాణిక తగ్గింపు 50 వేలు, 80సి కింద 1.5 లక్షలు, ఆరోగ్య బీమాకు 25 వేలు కూడా తీసివేస్తే సెస్సుతో పన్ను ఢిల్లీవాసికి 1,11,800, నోయిడావాసికి 1,27,920. పొదుపంతా చేసినా ఇద్దరికీ కొత్త విధానమే చౌక.

అయితే వీరికి హైదరాబాద్‌లో అద్దెకివ్వని సొంత ఇల్లుండి, ఏటా 2 లక్షల రుణవడ్డీ కడుతుంటే లెక్క తిరగబడుతుంది. ఢిల్లీవాసి పన్ను 70,200కు, నోయిడావాసి పన్ను 82,680కి దిగుతాయి. యాజమాన్యం కొత్త విధానంలో పన్ను కోసినా, గడువులోగా వేసే రిటర్నులో పాతదాన్ని ఎంచుకోవచ్చు. గడువు దాటితే ఆ అవకాశం ఉండదు.