ఇంటిపేరు ఒకటే, గింజలు వేరు

మా ఇల్లందు అనగానే చాలామందికి బొగ్గే గుర్తొస్తుంది. సింగరేణి మొదలైంది ఇక్కడే కదా! కానీ ఊరు దాటితే అడవి. ఆ అడవిలో ఏరుకొచ్చే గింజల్లో రెండింటి గురించి ఈ వారం చెప్తాను.

మొదటిది చిల్లగింజ. కొందరు ఇండుప గింజ అంటారు. కుండ లోపలి గోడకి ఈ గింజని అరగదీసి, బురద నీళ్లు పోసి కాసేపు కదపకుండా ఉంచితే మట్టి అడుక్కి దిగి పైన నీళ్లు తేటపడతాయి. రెండోది ముష్టి గింజ. ఇది విషం. ఇందులో ఉండే స్ట్రిక్నిన్ వల్ల ఒళ్లంతా కండరాలు బిగుసుకుపోయి, చివరికి ఊపిరి ఆగిపోతుంది. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో ఈ రెండు గింజలూ ఉన్నాయి.

ఇప్పుడు వీటి శాస్త్రీయ నామాలు చూడండి.

```
Strychnos potatorum
Strychnos nux-vomica
```

పైది చిల్లగింజ, కిందది ముష్టి. మొదటి మాట రెండింటికీ ఒకటే, స్ట్రిక్నోస్. అంటే మొదటి మాట చూసి ఆగిపోయినవాడికి నీళ్లు తేర్చే గింజకీ, ప్రాణం తీసే గింజకీ తేడా తెలియదు. ఆ తేడా మొత్తం రెండో మాటలోనే ఉంది. అందుకే ఈ పేర్లు ఎలా చదవాలో ఒకసారి నేర్చుకుంటే పోలా?

ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు

ఇంగ్లీషువాళ్లకి ఇది కాస్త తిరగేసినట్టు ఉంటుందేమో గానీ, తెలుగువాళ్లకి చాలా తేలిక. మనం ఇంటిపేరు ముందు రాసి, సొంత పేరు తర్వాత రాస్తాం. శాస్త్రీయ నామం కూడా అంతే. మొదటి మాట జీనస్, మన టెక్స్ట్‌బుక్ భాషలో ప్రజాతి. అది ఇంటిపేరు లాంటిది. ప్రజాతి పేరూ, దాని పక్కనున్న రెండో మాటా కలిస్తేనే స్పీషీస్, అంటే జాతి పేరు పూర్తవుతుంది.

ఒకే ఇంటిపేరు ఉందంటే దగ్గరి చుట్టాలని అర్థం. పువ్వు, కాయ, ఆకు కట్టుబడిలో పోలికలు ఉంటాయి. చిల్ల ఆకునీ, ముష్టి ఆకునీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ అడుగు నుంచి కొస దాకా వంపు తిరిగి వెళ్లే ఈనెలు కనిపిస్తాయి. కానీ అన్నదమ్ములు ఇద్దరూ ఒకే గుణంతో ఉండాలని లేదు కదా. ఇక్కడా అంతే.

మరి రెండో మాట ఒక్కటే చెప్తే సరిపోదా? సరిపోదు. మామిడి పేరు మాంజిఫెరా ఇండికా. చింత పేరు టామరిండస్ ఇండికా. వేప పేరు అజాడిరాక్టా ఇండికా. ‘ఇండికా’ అంటే ‘ఇండియాకి చెందిన’ అని మాత్రమే. ఊళ్లోకెళ్లి “రాములు ఇల్లెక్కడ?” అని అడిగితే “ఏ రాములు?” అంటారు చూడండి, ఉత్త ‘ఇండికా’ అంటే కూడా అదే ప్రశ్న వస్తుంది.

ఇంతకీ లాటిన్ ఎందుకు?

మనం తునికాకు అనే బీడీ ఆకుని ఛత్తీస్‌గఢ్‌లో తెందూ అంటారు. ఒడిశాలో కెందు అంటారు. చెట్టు ఒకటే. మరోవైపు ఒకే తెలుగు పేరు వేర్వేరు చెట్లకి ఉంటుంది. ‘మద్ది’ అంటే నల్లమద్దా, తెల్లమద్దా అని మళ్లీ అడగాలి. అడవి ఒకటే అయినా భాష మారిన చోటల్లా పేరు మారిపోతుంది.

యూరప్‌లోనూ ఇదే గోల. అయితే అక్కడ చదువుకున్నవాళ్లందరికీ రాతలో ఉమ్మడి భాష ఒకటుండేది, అదే లాటిన్. స్వీడన్ వాడు రాస్తే ఇటలీ వాడు చదివేవాడు. మొదట్లో మొక్క పేరంటే లాటిన్‌లో ఒక చిన్నపాటి వర్ణనే. ఆకు ఇలా, పువ్వు అలా అంటూ సాగేది. స్వీడన్‌కి చెందిన లినేయస్ 1753లో వేసిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ పుస్తకంలో ప్రతి మొక్కకీ రెండు మాటల పేరు పెట్టాడు. మొక్కల పేర్లకి ఇప్పటికీ ఆ పుస్తకమే లెక్క మొదలయ్యే చోటు.

ఇప్పుడు లాటిన్ ఎవరి ఇంటి భాషా కాదు. రోజువారీ వాడుకలో లేదు కాబట్టి మాటల అర్థాలు తరానికోలా మారిపోవు. 2012 జనవరి 1 నుంచి కొత్త మొక్క వర్ణనని ఇంగ్లీషులో రాసినా ఒప్పుకుంటున్నారు. కానీ పేరు మాత్రం లాటిన్ రూపంలోనే ఉండాలి.

‘లాటిన్ రూపం’ అన్నాను, ‘లాటిన్ మాట’ అనలేదు. గమనించారా? స్ట్రిక్నోస్ అసలు గ్రీకు మాట. పొటాటోరమ్ లాటిన్ మాటే, కానీ దానికీ బంగాళాదుంపకీ సంబంధం లేదు. ‘తాగేవాళ్ల’ అని అర్థం. తాగే నీళ్లని తేర్చే గింజ అని ఆ పేరులోనే ఉంది. నక్స్ అంటే గింజ, వామికా అంటే వాంతికి సంబంధించింది. ఈ రెండింటి మధ్య చిన్న గీత ఎందుకంటే, జాతి పేరులో ప్రజాతి పక్కన ఒక్క మాటే ఉండాలి. గీత పెడితే రెండు మాటలూ ఒకటిగా లెక్క.

లాటిన్ వేషంలో తెలుగు

ఇక నాకు బాగా ఇష్టమైన పేరు. మన అడవుల్లో సోమిద అనే చెట్టుంది. సోమి అని కూడా అంటారు. ఎర్రటి గట్టి కర్ర. పూర్తి పేరు ఇదీ:

```
Soymida febrifuga (Roxb.) A.Juss.
```

మొదటి మాట చదవండి, సోయ్‌మిడా. మన సోమిదే! తెలుగు పేరునే తీసుకుని లాటిన్ పేరులా వాడుకున్నారు. రెండో మాట ఫెబ్రిఫ్యూగా అచ్చ లాటిన్, ‘జ్వరాన్ని తరిమేది’ అని అర్థం. దీని బెరడుని జ్వరానికి వాడేవాళ్లు.

మరి ఆ బ్రాకెట్ ఏంటి? అందులో ఉన్నది విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీలో డాక్టరు. మన సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కలని బొమ్మలు వేయించి మరీ పరిశీలించాడు. 1790లలో సోమిదని లోకానికి పరిచయం చేసినప్పుడు దాన్ని మహాగని చుట్టం అనుకుని, మహాగని ఇంటిపేరే పెట్టాడు: స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా. తర్వాత 1830 ప్రాంతంలో ఫ్రాన్స్‌కి చెందిన ఎడ్రియన్ జుస్సియూ, ఇది మహాగని ఇంట్లోది కాదు, వేరే ఇల్లు అన్నాడు. తేడా గింజలో తేలిగ్గా కనిపిస్తుంది. మహాగని గింజకి ఒక కొసనే రెక్క ఉంటుంది, సోమిద గింజకి రెండు కొసలా రెక్కలుంటాయి.

ఇల్లు మారింది కాబట్టి ఇంటిపేరు మారింది. సొంత పేరు ఫెబ్రిఫ్యూగా మాత్రం అలాగే వెంట వచ్చింది. ఆ సొంత పేరు మొదట పెట్టినాయన బ్రాకెట్‌లోకి వెళ్లాడు, కొత్త ఇంటికి మార్చినాయన బ్రాకెట్ బయట నిలబడ్డాడు. మొక్క పేరు పక్కన బ్రాకెట్ కనిపిస్తే, ఆ పేరుకి పాత చరిత్ర ఉందని అర్థం. ఎక్కువసార్లు ఆ చరిత్ర ఇంటిపేరు మారడమే. పాత పుస్తకంలో స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా అని కనిపిస్తే అది ఇంకో చెట్టు అనుకోకండి. మన సోమిదే.

బ్రాకెట్ లేకపోతే? మన రెండు గింజలే చూడండి.

```
Strychnos nux-vomica L.
Strychnos potatorum L.f.
```

ఒక్క L. ఉంటే లినేయస్ అనే అర్థం. పక్కన f. కూడా ఉంటే లాటిన్‌లో ‘ఫీలియస్’, అంటే కొడుకు. ముష్టికి పేరు పెట్టింది తండ్రి, చిల్లకి పెట్టింది కొడుకు. ఇద్దరూ పెట్టిన ఇంటిపేర్లు మారలేదు కాబట్టి బ్రాకెట్ అవసరం రాలేదు.

రాసేటప్పుడు

ప్రజాతి మొదటి అక్షరం క్యాపిటల్. రెండో మాట మొత్తం చిన్న అక్షరాలే, అది ఊరి పేరు నుంచి వచ్చినా సరే. అందుకే ఇండికాలో మొదటి అక్షరం చిన్న i. టైప్ చేస్తే రెండు మాటలూ ఇటాలిక్స్‌లో ఉండాలి. చేత్తో రాస్తే రెండింటి కిందా విడివిడిగా గీత గీయాలి. పేరు పెట్టినవాళ్ల పేర్లు మామూలు అక్షరాల్లోనే.

మొదటిసారి పూర్తిగా రాశాక, రెండోసారి నుంచి ప్రజాతిని ఒక్క అక్షరానికి కుదించవచ్చు. కానీ ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మన కథనే అలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి.

```
S. potatorum
S. febrifuga
```

ఒక S స్ట్రిక్నోస్, ఇంకో S సోయ్‌మిడా! ఒకే అక్షరంతో మొదలయ్యే రెండు ప్రజాతులు ఒకే చోట వస్తే కుదించకుండా పూర్తిగానే రాయాలి.

ఇంకోటి. కొన్ని చోట్ల రెండో మాట ఉండాల్సిన చోట ఇలా కనిపిస్తుంది:

```
Strychnos sp.
```

ఇది పేరు కాదు. “ఇంటిపేరు తెలిసింది, మనిషెవరో తెలియలేదు” అని ఒప్పుకోవడం. అడవిలో సర్వే చేసేవాళ్ల నోట్‌బుక్‌లో అలా రాస్తే తప్పు లేదు, నిజాయితీ. చివర spp. అని ఉంటే, ఆ ప్రజాతిలోవి ఒకటి కంటే ఎక్కువ జాతులున్నాయని. కానీ గింజల ప్యాకెట్ మీదో, మందు పొడి డబ్బా మీదో స్ట్రిక్నోస్ పక్కన ఇలా ఉంటే మాత్రం దాన్ని తీసుకోకండి. లోపల ఉన్నది చిల్లో ముష్టో ఆ లేబుల్ చెప్పడం లేదు.

గింజగా ఉంటే కంటితో పోల్చుకోవచ్చు. ముష్టి గింజ బిళ్లలా చప్పగా, బూడిద రంగులో, పట్టులాంటి నూగుతో ఉంటుంది. చిల్లగింజ చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. పొడి చేశాక ఈ ఆనవాళ్లేవీ మిగలవు. అప్పుడు లేబుల్ మీదున్న రెండో మాటే దిక్కు. అది చిల్లే అని తేలినా, అది మట్టిని దించుతుంది గానీ నీళ్లలోని క్రిముల్ని చంపదు. తేటపడ్డ నీళ్లని మరగబెట్టాకే తాగండి.