ఉత్తరం రెండుసార్లు రాశాం



"పనిలో పొరపాటు జరిగితే పిలిచి మందలిస్తే చాలదా, ఉత్తరమెందుకు?" అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. మాట్లాడాలి, ఆపైన ఉత్తరం కూడా ఇవ్వాలి అన్నదే మా అభిప్రాయం. దిగులుతో ఉన్న మనిషికి విన్న మాటలో సగమే గుర్తుంటుంది. అయితే ఆ ఉత్తరం ఎలా రాయాలో, మేమూ ఒకసారి పొరపడ్డాకే తెలిసింది.

మా వార్డులో ఒక సిస్టర్ ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్నారు. ఇంట్లో ఆమె తల్లి మంచాన పడ్డారు. రాత్రంతా డ్యూటీ, పగలంతా తల్లి సేవ. మూడు వారాల్లో రెండు రాత్రులు, ఆపరేషన్ అయిన రోగుల చార్టులో తెల్లవారుజామున రాయవలసిన బీపీ, నాడి, జ్వరం గడులు ఖాళీగా కనిపించాయి. తర్వాత ఒక ఉదయం షుగర్ రోగికి ఇన్సులిన్ ఇచ్చి, చార్టులో సంతకం పెట్టడం మరిచారు. పగటి డ్యూటీ సిస్టర్ ఇంకా ఇవ్వలేదనుకొని మళ్లీ సూది సిద్ధం చేశారు. "ఇందాకే వేశారమ్మా" అని ఆ పెద్దాయన అనబట్టి ఆగింది. రెండో మోతాదు పడితే షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు.

మేము మొదట రాసింది ఇది: "ఈ మధ్య మీ పని తగ్గింది. మీ కష్టాలు మాకు తెలుసు. ఇకమీదట జాగ్రత్తగా ఉండగలరు." చదువుకుంటే అది ఓదార్పో హెచ్చరికో మాకే తేలలేదు. చించేశాం.

ఈసారి రాయకముందే ఆమెతో అరగంట కూర్చున్నాం. ఉదయం డ్యూటీకి మారుస్తామన్నాం, మేలు చేస్తున్నామనుకొని. "తల్లికి స్నానం, తిండి అన్నీ ఉదయమేనండీ. మధ్యాహ్నం డ్యూటీ అయితే తమ్ముడు చూసుకుంటాడు" అన్నారామె. అడగకపోతే మరో కష్టం తెచ్చిపెట్టేవాళ్లమే!

రెండో ఉత్తరం ఇలా సాగింది: "సిస్టర్, ఇంటి పరిస్థితి వల్ల మీకు విశ్రాంతి లేదని తెలుసు. నెలరోజులు మీకు మధ్యాహ్నం డ్యూటీ వేస్తున్నాం. ఈ తేదీల్లో చార్టు గడులు ఖాళీగా ఉన్నాయి, ఈ తేదీన ఇన్సులిన్‌కు సంతకం లేదు. ఇన్సులిన్ ఇచ్చిన వెంటనే, మంచం దగ్గరే సంతకం చేయాలి. ఇందులో సడలింపు లేదు. బాగా అలసిపోయిన రోజున ముందే చెప్పండి, ఆ పని మరొకరికి అప్పగిస్తాం. పదిహేను రోజుల తర్వాత కలిసి చార్టులు చూద్దాం."

తల్లి జబ్బు పేరు అందులో రాయలేదు. ఆ కాగితం ఫైల్లో ఉంటుంది, నలుగురి కంటా పడుతుంది. "మీరు మంచివారే కానీ" అన్న మాట కూడా రాయలేదు. ఆ 'కానీ' ముందున్నదాన్ని ఎవరూ నమ్మరు.

పదిహేను రోజులకు చార్టులు చూస్తే ఇన్సులిన్ సంతకాలన్నీ ఉన్నాయి. బీపీ గడి ఒకటి మాత్రం ఖాళీ. అదీ ఆమెకు చూపించాం. మధ్యాహ్నం డ్యూటీ మరో నెల పొడిగించాం.